నేదు, లేదు

ఓడరేవు నేపథ్యంగా వచ్చిన ఒక కథలో కలాసీ పాత్ర అన్న ‘నేదు’ను కొన్నేళ్ల కిందట నేను ‘లేదు’గా దిద్దాను. రచయిత్రి ఉత్తరం రాశారు: “మా నాన్న మాటను మీరు తప్పుగా లెక్కించారు.” నిజమే, అక్షరదోషాన్నీ మాండలికాన్నీ నేను ఒకే గాటన కట్టాను. అప్పటినుంచి భాష, మాండలికం, సందర్భాన్ని బట్టి మారే మాటతీరు, ఈ మూడింటినీ విడివిడిగా చూడడం అలవాటు చేసుకున్నాను.

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసే శ్రీకాకుళం మనిషిని ఊహించుకుందాం. తోటివాడితో, “ట్యాపింగు లేటయిపోనాది బావు, ట్యాప్‌హోలు తెరుసుకోనేదు” అంటాడు. పక్కనున్న గుంటూరు మనిషైతే, “ట్యాపింగ్ లేటయింది, ట్యాప్‌హోల్ తెరుచుకోలేదు” అంటాడు. పని ఒకటే, చోటు ఒకటే, మనిషే వేరు. కనుక ఇక్కడ మారిందంతా మాండలికం. ఇప్పుడు మొదటి మనిషే యూనియన్ తరఫున యాజమాన్యానికి వినతిపత్రం రాస్తున్నాడనుకోండి. “ట్యాపింగ్ ఆలస్యమైనందున షిఫ్టు ముగిసిన తరువాత కూడా కార్మికులు విధుల్లో కొనసాగవలసి వచ్చింది” అని రాస్తాడు. మనిషి అతనే, సందర్భం మారింది. ఈ తేడా మాండలికానిది కాదు, మాటతీరుది. భాషాశాస్త్రంలో దీన్నే రిజిస్టర్ అంటారు. ట్యాపింగు, ట్యాప్‌హోలు అన్న పనిమాటలూ ఆ కోవలోవే. ఇద్దరి నోటా అవే వినిపించాయంటే వాటికి ఊరితో పనిలేదు, కొలిమితోనే పని. వాటిని చూసి ‘విశాఖ యాస’ అనుకునేవాళ్లూ ఉన్నారు. యాస అనేది పలుకుబడి తీరు. మాండలికంలో దానితోపాటు పదాలూ క్రియారూపాలూ ఉంటాయి.

‘సేసినాను’ అనే మాటే చూడండి. చకారం సకారం కావడం చెవిన పడగానే మొరటు అనేస్తారు. కానీ ‘చేసినాను’ పాత రూపం. అది కుదించుకుపోతేనే మనం రాసే ‘చేశాను’ వచ్చింది. క్రియ నడుమనున్న ‘ఇన’ను ఉత్తరాంధ్ర నోరు నిలుపుకుంది, కోస్తా మధ్య జిల్లాల నోరు పోగొట్టుకుంది. ఆ మధ్య జిల్లాల చదువరుల పలుకే పత్రికలకెక్కి ప్రమాణమయింది. అంటే మనం మాండలికానికి ఎదురుగా నిలబెట్టే ‘మంచి తెలుగు’ కూడా పుట్టుకతో ఒక మాండలికమే.

గిడుగు రామమూర్తి పోరాటాన్ని కూడా చాలామంది మాండలికం కోసం జరిగిందనుకుంటారు. 1906 తరువాత స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్, విశాఖ ఏవీఎన్ కళాశాల ప్రిన్సిపల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, గిడుగు కలిసి బడిపుస్తకాల భాష మారాలన్నారు. చదువుకున్నవాడు కూడా ఇంట్లో మాట్లాడని గ్రాంథికాన్ని పిల్లవాడి చేత ఎందుకు రాయించాలన్నది వారి ప్రశ్న. అది రాతకు ఏ తీరు తగుతుందన్న వాదం, అంటే రిజిస్టర్ సంగతి. “వాడుకభాష అంటే ఏ జిల్లాది?” అని ఎదుటిపక్షం అడిగినప్పుడు గిడుగు చూపిన దారి శిష్టవ్యావహారికం, అంటే చదువుకున్నవారి వాడుక. కలాసీ ‘నేదు’కు ఆ ఏర్పాటులో చోటు దక్కలేదు. గిడుగు మీద ఎంత గౌరవమున్నా ఈ మాట చెప్పక తప్పదు.

అదే గిడుగు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకున్నారు, 1931లో దాని వ్యాకరణం వెలువరించారు. ఇక్కడ సంగతి పూర్తిగా వేరు. సవరను ‘కొండ యాస’ అనేవాళ్లు నేటికీ కనబడతారు. కానీ అది ముండా కుటుంబపు భాష. దాని దూరపు చుట్టాలు వియత్నాం, కంబోడియాల్లో ఉన్నాయి. అంకెలు వింటే చాలు, తేడా తెలుస్తుంది. సవరలో పదమూడంటే పన్నెండూ ఒకటి, పందొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఆపైన ఇరవైలతో లెక్క సాగుతుంది. తెలుగు పది మీద కడుతుంది. పలుకు మారినంత మాత్రాన లెక్కల పునాది ఇలా మారిపోదు. లిపి లేదు కాబట్టి భాష కాదంటారా, సవరకు 1936లో మంగేయి గొమాంగో లిపి కూర్చారు. దానికి అయిదేళ్ల ముందే గిడుగు వ్యాకరణం వచ్చేసింది.

అన్నిచోట్లా గీత ఇంత స్పష్టంగా ఉండదు. అరకు వైపు వినిపించే కొండ భాష, అంటే కూబి, ద్రావిడంలో తెలుగున్న శాఖకే చెందుతుంది. చుట్టరికం ఎంత దగ్గరైనా విశాఖ మనిషికి అది అర్థం కాదు, నేర్చుకోవలసిందే. అరకు, గుంటూరు రెండూ విశాఖకు వేరే చోట్లే. అయినా గుంటూరు మాట వింటే తెలిసిపోతుంది. అందుకే ఒకటి భాష, ఒకటి మాండలికం.

ఈ సంచికలోని ఓడరేవు కథలో ‘నేదు’ పదకొండుసార్లు వచ్చింది. పదింటిని ముట్టుకోలేదు. పదకొండోది ఆ కథలోని పోర్టు అధికారి టైపు చేయించిన నోటీసులో ఉంది. దాని గురించి మాత్రం రచయితకు ఫోన్ చేసి అడిగాం.