రద్దు అంటే రద్దే

సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసుకున్న తరవాత కూడా ఖాతాలోంచి డబ్బు కట్ అయితే ఎవరిని అడగాలి? కంపెనీని అడిగితే బ్యాంకులో మాట్లాడుకోమంటుంది. మాండేట్ మీరే ఇచ్చారు కదా, కంపెనీతోనే తేల్చుకోండని బ్యాంకు అంటుంది. మేం మధ్యలో దారి చూపేవాళ్లమేనని పేమెంట్ యాప్ తప్పుకుంటుంది. పోయింది నాలుగైదు వందలే గనక ఈ ముగ్గురి చుట్టూ తిరిగే ఓపిక లేక మనిషి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడమే ఈ వ్యాపారానికి ఆదాయం. అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. కంపెనీ దగ్గర రద్దు నమోదైన వెంటనే బ్యాంకులోని మాండేట్ కూడా దానంతట అదే పోవాలి. ఆ తరవాత జరిగే ప్రతి కోతనూ అనుమతి లేని లావాదేవీగానే లెక్కగట్టాలి. ముందు డబ్బు ఖాతాలో వేసి, వాదనలు తరవాత వినాలి.

అసలు చిక్కు ఎక్కడుందో ముందు చూడాలి. సబ్‌స్క్రిప్షన్‌లో ముళ్లు రెండు ఉంటాయి. ఒకటి కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం. రెండోది, ఈ కంపెనీ అడిగినప్పుడల్లా ఇంత మొత్తం దాకా ఇచ్చెయ్యమని మన బ్యాంకుకు ఇచ్చే ముందస్తు ఆదేశం. దాన్నే మాండేట్ అంటున్నాం. కార్డు మీద ఇస్తే ఈ-మాండేట్, యూపీఐ మీద ఇస్తే ఆటోపే. చేరేటప్పుడు ఒక్క ఓటీపీతోనో ఒక్క పిన్‌తోనో రెండు ముళ్లూ ఒకేసారి పడిపోతాయి. విప్పేటప్పుడు మాత్రం విడివిడిగా విప్పుకోవాలి. కంపెనీ యాప్‌లో రద్దు నొక్కితే మొదటి ముడి విడుతుంది, బ్యాంకులో ఆదేశం అలాగే ఉండిపోవచ్చు. యూపీఐ యాప్‌లో మాండేట్ తీసేస్తే రెండోది విడుతుంది, కంపెనీ లెక్కల్లో మనం చందాదారులుగానే మిగలవచ్చు. ఫోన్‌లోంచి యాప్‌ని తీసేస్తే రెండింట్లో ఏదీ విడదు. యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదని గూగుల్ ప్లే కూడా చెబుతుంది. అయినా యాప్ పోయింది కదా, చందా కూడా పోయినట్టేనని నమ్మేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక వినోదాల యాప్ 1 రూపాయికి 7 రోజులు చూడమంది. ఒకటో తేదీన ఒకరు పిన్ నొక్కారు. తెర మీద పెద్దక్షరాల్లో కనబడింది ఆ 1 రూపాయే. దాని కింద సన్నటి అక్షరాల్లో 499 రూపాయల దాకా, మూడు నెలలకోసారి అని ఉంది. పిన్ అంగీకరించింది ఆ కింది గీతకు. ఆరో తేదీన ఆయన యాప్‌లోకి వెళ్లి రద్దు చేశారు, రద్దయిందని మెయిల్ కూడా వచ్చింది. ఏడో తేదీన, రేపు 499 రూపాయలు కట్ అవుతాయని సందేశం వచ్చింది. రద్దు చేశాం కదా, ఇది పాతదేమోనని పక్కన పెట్టారు. ఎనిమిదో తేదీ పొద్దున డబ్బు పోయింది. ఇక్కడ గమనించాల్సింది తేదీల వరస. రద్దు ఆరున జరిగితే, కోతకు ముందస్తు నోటీసు ఏడున వచ్చింది. అంటే రద్దు తెలిసిన తరవాతే కంపెనీ డబ్బు అడిగింది. ఆ మెయిలూ ఈ సందేశమూ పక్కపక్కన పెడితే ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

చట్టం లేదనడానికి వీల్లేదు. రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టులోనే కార్డుల ఈ-మాండేట్లకు నియమాలు పెట్టింది, 2020 జనవరిలో వాటిని యూపీఐకీ వర్తింపజేసింది. వ్యాపారులూ బ్యాంకులూ సిద్ధంగా లేక గడువులు జరిగిజరిగి 2021 అక్టోబరు 1 నుంచి అవి గట్టిగా అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు మామూలు చందాలకు 15,000 రూపాయలు దాటిన కోతకు ప్రతిసారీ ఓటీపీ గానీ పిన్ గానీ కావాలి. అంతకు లోపలైతే కనీసం 24 గంటల ముందు కంపెనీ పేరు, మొత్తం, తేదీ, కారణం చెబుతూ సందేశం రావాలి. ఆ ఒక్క కోతనైనా, మొత్తం మాండేట్‌నైనా ఆపుకునే వీలు అందులో ఉండాలి. ఏ రోజైనా మాండేట్‌ను ఆన్‌లైన్‌లో వెనక్కి తీసుకునే ఏర్పాటు బ్యాంకే చెయ్యాలి, దానికి రుసుము తీసుకోకూడదు. మాండేట్‌ను అలా వెనక్కి తీసుకున్నాక కంపెనీ దగ్గర ఉన్న కార్డు వివరాలు చెరిపేయించే బాధ్యతనూ ఆ నియమాలు వ్యాపారి తరఫు బ్యాంకు మీద పెట్టాయి. ఇవి మంచి నియమాలే. కానీ ఇవి బ్యాంకు వైపు నుంచి కంపెనీ వైపుకే నడుస్తాయి. బ్యాంకులో మాండేట్ తీసేస్తే కంపెనీ ఏం చెయ్యాలో ఉంది. కంపెనీలో రద్దు చేస్తే బ్యాంకులో మాండేట్ ఏం కావాలో అంత తేటగా లేదు. జనం వెళ్లేది రెండో దారినే. చందాను ఎక్కడ కట్టామో అక్కడే రద్దు చెయ్యాలనుకోవడం ఎవరికైనా సహజం.

ఈ సందు పూడ్చడానికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. యూపీఐ ఆటోపేలో మాండేట్‌ను వ్యాపారి కూడా రద్దు చెయ్యగలడు. చెయ్యగలిగినది చేసి తీరాలని నియమం పెడితే చాలు. పోయిన డబ్బు సంగతికీ దారి ఉంది. అనుమతి లేని లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యత ఎంతో చెబుతూ 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది. ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చెయ్యాలని, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం బ్యాంకుదేనని అవి చెప్పాయి. ఈ-మాండేట్ కోతలకూ అవి వర్తిస్తాయని 2019 నియమాల్లో ఉంది. అయినా ఆచరణలో బ్యాంకులు ఇది మోసం కాదు, వ్యాపారితో తగాదా అని పక్కకు నెడుతున్నాయి. మాండేట్ ఇచ్చింది మీరేనన్నది వాళ్ల వాదన. ఇచ్చినది వెనక్కి తీసుకున్నాక ఇంకా ఇచ్చినట్టే లెక్కా? కార్డు సంస్థలు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. వీసా వివాదాల పట్టికలో రద్దయిన చందాపై కోతకు 13.2 అని ప్రత్యేకంగా ఒక సంఖ్యే ఉంది. ఫిర్యాదును ఆ పేరుతో తీసుకుంటే కార్డు బ్యాంకు దాన్ని వ్యాపారి బ్యాంకు మీదకు నడపగలదు. యూపీఐ యాప్‌లోనూ ఫిర్యాదు తెర మీద రద్దు చేశాక కట్ అయిందని ఒక వరస విడిగా, తెలుగులో కనబడాలి.

దీనికి కంపెనీలు చెప్పే అభ్యంతరాలు తీసిపారేసేవి కావు. 24 గంటల ముందు చెప్పాం కదా, చూసుకోకపోతే తప్పెవరిదన్నది మొదటిది. రద్దు చెయ్యనివారి విషయంలో ఈ మాటకు బలముంది. ఏడాది చందా ముగిసింది, సందేశం వచ్చింది, ఆపలేదు, కోత తరవాత నెలరోజులు సినిమాలు చూశారు. అప్పుడు మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మనడం న్యాయం కాదు, మేమూ అలా అడగడం లేదు. కోత పడగానే గమనించి, సేవ వాడకుండా ఆ రోజే అడిగినవారికి తిరిగి ఇవ్వడం మర్యాద. రద్దు చేసినవారి సంగతి వేరు. వారికి పంపే నోటీసు హెచ్చరిక కాదు, అసలు పంపకూడని నోటీసు. ఒకసారి వద్దన్న మనిషి ప్రతి సందేశానికీ మళ్లీ మళ్లీ వద్దనాలంటే ఆ వద్దనడానికి విలువేముంది?

రద్దుతో మాండేట్ పోయేలా చేస్తే రేపు అప్పుల వాయిదాలూ బీమా ప్రీమియాలూ ఎగ్గొడతారన్నది రెండో అభ్యంతరం. వాయిదా అంటే ఇదివరకే తీసుకున్న డబ్బు, మాండేట్ తీసేసినా బాకీ పోదు. చందా అంటే ఇకముందు అందబోయే సేవ, వద్దంటే బాకీయే పుట్టదు. పైగా మేం అడుగుతున్నది కంపెనీ తానే రద్దును ఒప్పుకున్న సందర్భం గురించి. తాను ఒప్పుకున్న రద్దును తానే పాటించడానికి కంపెనీకి వచ్చే నష్టమేమిటి?

ఇంత చిన్న మొత్తాలకు ఇంత హంగామా ఎందుకన్నది మూడోది. దీనికి అమెరికా అనుభవం జవాబు. అమెజాన్ ప్రైమ్ నుంచి బయటపడాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్‌లు, పదిహేను ఎంపికలు దాటాలని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో దావా వేసింది. ఆ దారికి కంపెనీ లోపల ఇలియడ్ అని పేరు పెట్టుకున్నారనీ అందులో ఆరోపించింది. తెగని యుద్ధం గురించిన గ్రీకు కావ్యం అది. 2025 సెప్టెంబరులో ఆ కేసు 250 కోట్ల డాలర్ల దగ్గర రాజీ అయింది, అందులో 150 కోట్లు చందాదారులకు తిరిగి ఇవ్వడానికే. మనిషికి చిన్న మొత్తమే, కూడితే ఎంతో తెలిసింది. మన దగ్గర కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు 13 రకాల మాయపద్ధతులను నిషేధించాయి. చందా ఉచ్చు వాటిలో ఒకటి. రద్దును దాచడం, చిక్కు చెయ్యడం, ఉచిత సేవకు కూడా ఆటో డెబిట్ అనుమతి తీసుకోవడం దాని కిందికే వస్తాయి. నియమం కాగితం మీద ఉంది, కోతలు ఖాతాల్లో ఉన్నాయి.

నియమం మారేదాకా డబ్బు పోయినవారు ఊరుకోనక్కర్లేదు. ముందు యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగంలోకో, బ్యాంకు వెబ్‌సైటులోని ఈ-మాండేట్ పేజీలోకో వెళ్లి మాండేట్ తీసెయ్యాలి. లేకపోతే ఫిర్యాదు నడుస్తుండగానే ఇంకో కోత పడుతుంది. తరవాత రద్దు మెయిల్, నోటీసు, కోత సందేశం మూడూ జతచేసి కంపెనీకీ బ్యాంకుకూ ఒకే రోజున రాయాలి. బ్యాంకుకు మూడు పనిదినాల్లో చేరితే మంచిది. రీఫండ్ కావాలని మాత్రమే రాస్తే కంపెనీ దయ అడిగినట్టు ఉంటుంది, అనుమతి వెనక్కి తీసుకున్నాక జరిగిన డెబిట్ అని రాయాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే `cms.rbi.org.in`లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యొచ్చు. కంపెనీ మీద 1915కు ఫోన్ చెయ్యొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రుసుము లేదు, ఉంటున్న జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు.

కానీ 499 రూపాయల కోసం ఇన్ని మెట్లు ఎక్కమనడమే అన్యాయం. ఆ మెట్లు ఎక్కాల్సింది డబ్బు తీసుకున్నవాడు. రిజర్వు బ్యాంకు, నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ కలిసి రద్దును మాండేట్‌కు ముడివెయ్యాలి, రద్దు తేదీ తరవాతి కోతను 10 పనిదినాల్లో బ్యాంకు వెనక్కి వేసి వ్యాపారి దగ్గర వసూలు చేసుకునేలా ఆదేశించాలి. ఖాతా తలుపు తెరవడానికి ఒక్క పిన్ చాలినప్పుడు, మూయడానికి ఒక్క రద్దు చాలాలి.