వాషింగ్ మెషీన్ ఉంది... లాస్ట్ ఎంత?

నెలాఖరు దగ్గర పడిందంటే చాలు, నిజాంపేట్ నుంచి గచ్చిబౌలి దాకా ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్: ‘ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఫ్రిజ్, మంచం, వాషింగ్ మెషీన్ అమ్మకానికి ఉన్నాయి’. కింద చీకట్లో తీసిన రెండు ఫొటోలు. రేటు ఉండదు. ‘ఎంత?’ అని పది మంది అడుగుతారు, ఒక్కరూ రారు. చివరి రోజు ట్రాలీ ఆటో కింద హారన్ కొడుతుంటే ఆ మెషీన్‌ని వాచ్‌మన్‌కి ఇచ్చేసి వెళ్లిపోతారు. వాచ్‌మన్‌కి ఇవ్వడం మంచి పనే, కాదనను. కానీ అమ్మి డబ్బు చేసుకుందాం అనుకున్నవాళ్లు అలా ఇచ్చేస్తున్నారంటే, అమ్మకం మొదలుపెట్టిన తీరులోనే తేడా ఉంది.

మా టీమ్‌లో ఒకమ్మాయి ఈ మధ్యే పుణెకి మారింది. వాళ్లమ్మతో కలిసి నిజాంపేట్‌లో మూడో అంతస్తులో అద్దెకుండేది. 6.5 కిలోల టాప్ లోడ్ వాషింగ్ మెషీన్, ఐదేళ్ల కింద 16,500 పెట్టి కొన్నది. 30వ తేదీకి ఇల్లు ఖాళీ చేయాలి. తను 9వ తేదీనే ఓఎల్‌ఎక్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో యాడ్ పెట్టేసింది. మూడు వారాల టైమ్ చేతిలో ఉండటమే ఈ బేరంలో తన అసలు బలం. రెండు రోజులే మిగిలాయని తెలిస్తే కొనేవాడు రేటు చెప్పడు, నిర్ణయిస్తాడు.

ఫొటోల సంగతి ముందు చూద్దాం. ఉదయం పది గంటలకి మెషీన్‌ని బాల్కనీ తలుపు దగ్గరికి జరిపి, ఫ్లాష్ లేకుండా తీసింది. లెన్స్ తుడవడం మర్చిపోవద్దు, వంటింటి చేతులతో పట్టుకునే ఫోన్లే కదా మనవి. మొదటి ఫొటోలో మెషీన్ మొత్తం కనిపించాలి, ఎందుకంటే లిస్టులో వేలెడంత సైజులో కనిపించేది అదొక్కటే. తర్వాత మూత తెరిచి డ్రమ్ లోపల, స్విచ్ వేశాక వెలిగే ప్యానెల్, వెనక అంటించి ఉండే లేబుల్. ఆ లేబుల్ మీద మోడల్ నంబర్, కెపాసిటీ ఉంటాయి. అది పెడితే సగం ప్రశ్నలు రావు. సీరియల్ నంబర్ మీద మాత్రం వేలు అడ్డం పెట్టండి. మెషీన్ తిరుగుతున్నప్పుడు పదిహేను సెకన్ల వీడియో కూడా తీసి ఉంచుకుంది. సీరియస్‌గా అడిగినవాళ్లకి మాత్రమే పంపడానికి.

ఐదో ఫొటో అన్నిటికంటే ముఖ్యమైనది. మూత అంచున చిన్న పగులు ఉంది. దాన్ని దగ్గరగా ఫొటో తీసి, ‘మూత మూలలో పగులు ఉంది, వాడకానికి ఇబ్బంది లేదు’ అని యాడ్‌లోనే రాసింది. దాస్తే ఏమవుతుంది? కొనేవాడు ఇంటికి వచ్చి, దాన్ని చూసి, ‘ఇది చెప్పలేదేంటి?’ అని వెయ్యి తగ్గిస్తాడు. ముందే చూపిస్తే ఆ పగులు రేటులో కలిసిపోయినట్టే లెక్క. ఇంకో మాట, బ్యాక్‌గ్రౌండ్‌లో గోడ మీద ఫ్యామిలీ ఫొటో, కిటికీలోంచి కనిపించే అపార్ట్‌మెంట్ బోర్డు పడకుండా చూసుకోండి. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేసి తీస్తే ఇంకా మంచిది.

ఇక రేటు. మనవాళ్లు ‘నేను 16,500 పెట్టాను, ఐదేళ్లేగా వాడాను, పది వేలైనా రావాలి’ అంటారు. కొనేవాడికి మన 16,500తో పనేమీ లేదు. ఆ రోజు అలాంటి కొత్త మెషీన్ ఎంతకొస్తుందో అదే వాడి కొలత. తను చూసినప్పుడు కొత్తది 17,000 ఉంది, రెండేళ్ల వారంటీతో. ఇప్పుడు కొనేవాడి జేబులోంచి లెక్క వేయండి. ట్రాలీ ఆటోకి 900, మూడో అంతస్తు నుంచి దించే మనిషికి 300, వాళ్లింట్లో పైపులు బిగించడానికి 400. అంటే మన రేటు మీద ఇంకో 1,600. మనం 9,000 అంటే వాడికి 10,600 పడుతుంది. ఇంకో ఆరు వేలు వేసుకుంటే కొత్తదే, అదీ ఈఎంఐలో వస్తుంటే మనది ఎందుకు కొంటాడు? అదే 6,000 అయితే మొత్తం 7,600. కొత్తదాని రేటులో సగం కూడా కాదు. అక్కడ మనిషి లేచి బండి మాట్లాడుకుంటాడు.

ఓఎల్‌ఎక్స్‌లో అదే సైజు మెషీన్లు 5,000 నుంచి 9,000 దాకా ఉన్నాయి. కానీ అవి అడుగుతున్న రేట్లు, అమ్ముడైన రేట్లు కావు. 9,000 అన్న యాడ్ రెండు నెలలుగా అక్కడే ఉంది. అంటే ఆ రేటుకి ఎవరూ కొనట్లేదని అదే చెబుతోంది. కింది హద్దు కోసం షోరూమ్‌లో అడిగితే ఎక్స్‌చేంజ్ కింద 1,500 ఇస్తామన్నారు. ఇవన్నీ చూసి తను యాడ్‌లో 6,800 పెట్టింది. మనసులో 5,500 అనుకుంది. 25వ తేదీ దాటితే 4,500కి కూడా సరే అని ఆ రోజే రాసి పెట్టుకుంది. ఇది ముందే తేల్చుకోవాలి. అవతలివాళ్లు ఇంట్లో నిలబడి చూస్తున్నప్పుడు లెక్కలు వేయడం కష్టం.

యాడ్ పెట్టిన గంటలో మెసేజ్‌లు మొదలయ్యాయి. ‘ఉందా?’, ‘లాస్ట్ ఎంత?’, ‘3,000కి ఇస్తారా సిస్టర్?’. చూడకుండా లాస్ట్ రేటు అడిగేవాళ్లకి లాస్ట్ రేటు చెప్పకూడదు. చెబితే అది వాళ్లకి మొదటి రేటు అవుతుంది. ఇంటికొచ్చాక అక్కడి నుంచి కిందికి దింపుతారు. తను అందరికీ ఒకటే జవాబు పెట్టింది: ‘ఉందండీ. వచ్చి నడిపించి చూడండి, నచ్చితే అక్కడే కొంచెం చూసి మాట్లాడుకుందాం. ఎప్పుడు రాగలరు?’ ఆ చివరి ప్రశ్నకి టైమ్ చెప్పినవాళ్లే కొనేవాళ్లు. మిగతావాళ్లు కాలక్షేపం బ్యాచ్, వాళ్లతో వాదన అనవసరం.

సెకండ్ హ్యాండ్ షాపువాళ్లు కూడా ఫోన్ చేస్తారు. మూడు వేల దగ్గర మొదలుపెడతారు. వాళ్లని తిట్టుకోకండి, వాళ్లు రిపేర్ చేసి మళ్లీ అమ్ముకోవాలి. బండి, మనుషులు, డబ్బు అన్నీ వాళ్లే తెచ్చుకుంటారు. చివరి రెండు మూడు రోజుల్లో నిజంగా పనికొచ్చేది వాళ్లే. నంబర్ సేవ్ చేసుకుని, ‘అవసరమైతే 27న ఫోన్ చేస్తా అన్నా’ అనడం తెలివైన పని. ‘రేపు పక్కా వస్తా, ఎవరికీ ఇవ్వొద్దు’ అనేవాళ్ల కోసం మాత్రం ఆపకండి. ముందు ఎవరు వచ్చి డబ్బిస్తే వాళ్లదే అని మర్యాదగా చెప్పేయండి. చూడకముందే అడ్వాన్స్ అడగడం నాకు నచ్చదు. అవతలివాళ్లకి మనమే దొంగల్లా కనిపిస్తాం.

మూడో రోజు ఒక మెసేజ్ వచ్చింది. ‘మేడమ్, నేను ఆర్మీలో పనిచేస్తాను, ఇప్పుడే సికింద్రాబాద్ పోస్టింగ్. 6,800 ఓకే. నేను రాలేను, మా మనిషి బండితో వస్తాడు. డబ్బు ఇప్పుడే పంపేస్తా’. వెంటనే యూనిఫామ్‌లో ఫొటో, ఒక ఐడీ కార్డు. ఒక్క ప్రశ్న లేదు, బేరం లేదు. మెషీన్ పనిచేస్తుందా అని కూడా అడగలేదు. డబ్బు పెట్టి పాత వస్తువు కొనేవాడు ఎవడూ అలా ఉండడు. అనుమానం అక్కడే రావాలి. తర్వాత క్యూఆర్ కోడ్ వచ్చింది: ‘ఇది స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ అకౌంట్‌లో పడిపోతాయి’.

ఇక్కడ యూపీఐ ఎలా పనిచేస్తుందో ఒక్క ముక్క తెలిస్తే చాలు. క్యూఆర్ స్కాన్ చేసేది డబ్బు పంపేవాళ్లు. పిన్ కొట్టాల్సింది డబ్బు పంపడానికో, మన బ్యాలెన్స్ చూసుకోవడానికో. డబ్బు రావడానికి మనం స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అసలే లేదు. ‘ముందు టెస్టింగ్‌కి ఒక్క రూపాయి’ అన్నా అంతే. మనుషుల మధ్య డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులని 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేయించింది. కానీ క్యూఆర్ పంపి స్కాన్ చేయించే ఎత్తు అలాగే ఉంది. ఇంకో రకం కూడా ఉంది: 6,800కి బదులు 68,000 పడినట్టు ఎస్సెమ్మెస్ పంపి, ‘పొరపాటున ఎక్కువ పంపా, మిగతాది తిరిగి వేయండి’ అని కంగారు పెడతారు. ఆ ఎస్సెమ్మెస్ బ్యాంకు నుంచి కాదు, వాళ్ల ఫోన్ నుంచే వస్తుంది. తను ఆ ఆర్మీ ‘సార్’కి జవాబివ్వకుండా బ్లాక్ చేసి, యాడ్ పెట్టిన చోటే రిపోర్ట్ కొట్టింది. ఎవరికైనా డబ్బు పోతే మాత్రం సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని అకౌంట్లు మారిపోతుంది.

మానిటర్, మిక్సీ లాంటివైతే మెట్రో స్టేషన్ దగ్గరో, జనం తిరిగే షాపు ముందో ఇచ్చేయొచ్చు. వాషింగ్ మెషీన్‌ని మోసుకెళ్లలేం కాబట్టి మనుషులు ఇంటికే రావాలి. ఆదివారం ఉదయం 11 గంటలకి రమ్మంది. ఫ్లాట్ నంబర్ ముందు చెప్పలేదు, గేటు దగ్గరికి వచ్చాక ఫోన్ చేయమంది. సెక్యూరిటీ రిజిస్టర్‌లో పేరు, నంబర్ రాయించింది. ఎదురింటి అంకుల్‌ని ఒక అరగంట వచ్చి కూర్చోమంది. మెషీన్‌ని ముందే హాల్‌లోకి తెచ్చి, వంటింటి కుళాయికి పొడవు పైపు పెట్టింది. అంటే వచ్చినవాళ్లు లోపలి గదుల్లోకి వెళ్లాల్సిన పనే లేదు. ‘ఎందుకు అమ్ముతున్నారు?’ అని అడిగితే ‘పెద్దది తీసుకున్నాం’ అంది. ఫలానా తేదీ నుంచి ఇల్లు ఖాళీ అనో, ఇద్దరు ఆడవాళ్లమే ఉంటామనో కొత్తవాళ్లకి చెప్పాల్సిన అవసరం లేదు. ఈ అబద్ధానికి పాపం అంటదు.

వచ్చింది బాచుపల్లి నుంచి ఒక కొత్త జంట. రిన్స్, స్పిన్ పెట్టి పావుగంట నడిపించి చూపించింది. ఆయన మూత పగులు దగ్గరికి వెళ్లి, ‘ఫొటోలో ఉన్నదే కదా’ అని తనే వదిలేశాడు.

‘ఐదు వేలు చేసుకోండి మేడమ్.’

‘లేదన్నా, 6,200 అయితే ఇచ్చేస్తా.’

‘మూడో అంతస్తు నుంచి దించాలంటే మనిషికి ఇవ్వాలి కదా.’

‘సరే, ఆ దించే కూలి నేను భరిస్తా. 5,900.’

ఆవిడ భర్త వైపు చూసి తలూపింది. మొత్తంగా తగ్గించమంటే ఎక్కడ ఆగాలో తెలీదు. ఒక ఖర్చు పేరు చెప్పి తగ్గిస్తే బేరం అక్కడితో ఆగుతుంది. ఆయన ఫోన్‌పేలో డబ్బు పంపి స్క్రీన్ చూపించాడు. స్క్రీన్ చూసి నమ్మకూడదు, అచ్చం అలాగే కనిపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. తను తన బ్యాంకు యాప్ తెరిచి, ట్రాన్సాక్షన్లలో 5,900 పడిందని చూసుకున్నాకే మెషీన్ కదలనిచ్చింది. మధ్యలో ఒక నిమిషం ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనివ్వండి.

దించేముందు డ్రెయిన్ పైపు కిందికి వంచి లోపల మిగిలిన నీళ్లు తీసేయాలి, లేదంటే మెట్లన్నీ తడిసి మోసేవాడు జారతాడు. పైపులు, స్క్రూలు ఒక కవర్లో పెట్టి మూతకి టేపు వేసింది. పాత బిల్లు ఇచ్చి, చిన్న కాగితం మీద మోడల్, సీరియల్ నంబర్, తేదీ, ‘నడిపించి చూసుకుని తీసుకున్నాం’ అని రాసి ఇద్దరూ సంతకం పెట్టారు. వారం తర్వాత ‘మెషీన్ ఆగిపోయింది, డబ్బు వెనక్కివ్వండి’ అనే ఫోన్ వస్తే మాట్లాడటానికి ఆ కాగితం ఉంటుంది.

బండి గేటు దాటగానే రెండు యాడ్లనీ ‘అమ్ముడైంది’ అని మార్చేసింది. అది చేయకపోతే పుణెలో కొత్త ఆఫీసు మొదటి మీటింగ్‌లో కూడా ‘ఉందా? లాస్ట్ ఎంత?’ అని ఫోన్ మోగుతూనే ఉంటుంది.