నీటి మీద గీత గీసేదెలా?

పొలానికైతే గట్టు వేసుకుంటాం. ఇంటికైతే ప్రహరీ కడతాం. మరి సముద్రంలో 'ఇది మాది, అది మీది' అని తేల్చేదెలా? దానికీ ఓ లెక్కుంది.

ఆటుపోట్లలో నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడు తీరం ఎక్కడుంటుందో అక్కడి నుంచే సాధారణంగా కొలత మొదలవుతుంది. 12 నాటికల్ మైళ్ల వరకూ, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా ప్రాదేశిక జలాలు. అక్కడ చెల్లేది ఆ దేశపు చట్టమే. విదేశీ నౌకలు హాని తలపెట్టకుండా తమ దారిన తాము వెళ్లొచ్చు, అంతే. ఆ తర్వాత 200 నాటికల్ మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అందులో చేపలూ, చమురూ, గ్యాస్ తీరదేశానివి. నౌకలు మాత్రం ఎవరివైనా స్వేచ్ఛగా తిరగొచ్చు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం చెప్పేదిదే.

చిక్కల్లా పక్కపక్కనున్న దేశాలతోనే. ఇద్దరి 200 మైళ్లూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు రెండు తీరాలకూ సమాన దూరంలో ఓ గీత గీస్తారు. భారత్ కోరిందీ అదే. కానీ బంగ్లాదేశ్ తీరం గిన్నెలా లోపలికి వంగి ఉంటుంది. ఇటు భారత్‌తో, అటు మయన్మార్‌తో సమదూర గీతలు గీస్తే అవి ముందుకెళ్లి కలుసుకుంటాయి. మధ్యలో ఉన్న దేశానికి సముద్రం మూసుకుపోతుంది. అందుకే తమ గీత నేరుగా దక్షిణానికి సాగాలని బంగ్లాదేశ్ వాదించింది. 2009లో వివాదాన్ని మధ్యవర్తిత్వానికి తీసుకెళ్లింది.

అయిదుగురు సభ్యుల ట్రైబ్యునల్ ముందు సమదూర గీతే గీసింది. అది బంగ్లాదేశ్ దారిని అడ్డుకుంటోందని గమనించి, తీరానికి దూరంగా వెళ్లాక దాన్ని సవరించింది. కొత్త గీత బంగ్లాదేశ్ అడిగినదానికన్నా రెండున్నర డిగ్రీలు తూర్పుకు ఒరిగింది. చివరగా తీరాల పొడవుకూ, దక్కిన సముద్రానికీ పొంతన ఉందో లేదో సరిచూసింది. 2014 జులైలో తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు దక్కాయి. మిగిలింది మనకు. రెండు దేశాలూ దాన్ని అంగీకరించాయి.

ఈ కథలో ఓ దీవి కూడా ఉంది. 1970 తుపాను తర్వాత హరియాభంగా నది ముఖద్వారం దగ్గర తేలిన ఇసుక దిబ్బ అది. మనం న్యూమూర్ అన్నాం, వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. దశాబ్దాల పాటు కొట్లాడుకున్నారు. ఈలోగా అది నీట మునిగిపోయింది. దాని ఆధారంగా కొలత వేసేందుకు ట్రైబ్యునల్ ఒప్పుకోలేదు. గీత గీశాక ఆ చోటు మాత్రం మన వైపే పడింది.

అసలు తమాషా ఇంకోటుంది. బంగ్లాదేశ్ తీరానికి 200 మైళ్లు దాటాక, మన తీరానికి 200 మైళ్ల లోపలే ఉన్న చిన్న ముక్క ఒకటి గీతకు అవతల పడింది. బంగ్లాదేశ్ వైపు సముద్రపు అడుగు 200 మైళ్లు దాటి సాగుతుంది కాబట్టి అక్కడ అడుగు వాళ్లది, పైనున్న నీళ్లు మనవి. ఆ చోట వల వేసే హక్కు ఒకరిది, బావి తవ్వే హక్కు మరొకరిది!