మాల్‌వేర్ ప్రాజెక్టుకు మీరే గైడ్ కావాలి

ప్రొఫెసర్ గారికి,

మెషిన్ లెర్నింగ్‌తో ఆండ్రాయిడ్ మాల్‌వేర్‌ను గుర్తించడం మా చివరి సంవత్సరం ప్రాజెక్టు. దానికి మీరు గైడ్‌గా ఉండాలని మా బృందం కోరిక.

పరిశోధకులు విరివిగా వాడే డ్రెబిన్ డేటాసెట్‌లో 5,560 మాల్‌వేర్ యాప్‌లున్నాయి. అవి 2010 ఆగస్టు నుంచి 2012 అక్టోబరు దాకా సేకరించినవి. వాటిని కలగలిపి, కొన్నిటితో శిక్షణ ఇచ్చి మిగిలినవాటితో పరీక్షిస్తే ఫలితం ఘనంగా కనిపిస్తుంది. కానీ 2012 నాటి యాప్‌లను ముందే చూసిన మోడల్ 2011 నాటి యాప్‌ను పట్టుకుంటే గొప్పేముంది? రేపు పుట్టే మాల్‌వేర్ ఇవాళ ఎవరి చేతికీ దొరకదు కదా!

అందుకే మేం పాత యాప్‌లతో శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతి నెలల్లో వచ్చినవాటితో పరీక్షిస్తాం. `SEND_SMS` లాంటి అనుమతులను, ఏపీఐ కాల్స్‌ను లక్షణాలుగా తీసుకుంటాం. నెలనెలా ఎఫ్1 స్కోరు ఎంత పడిపోతోందో, ఏ లక్షణం పనికిరాకుండా పోతోందో గమనిస్తాం. యాప్‌ను నడపకుండానే పరిశీలిస్తాం కాబట్టి ల్యాబ్‌కు ముప్పు తక్కువ. అయితే కోడ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన యాప్‌లు ఈ పద్ధతికి సరిగా చిక్కవు.

మాకు తేలనిది ఒకటుంది. యాప్ ఫైల్‌లోని తేదీని తయారీదారు మార్చేయగలడు. దాన్ని నమ్మాలా, యాప్ తొలిసారి స్కానర్ల కంటపడిన తేదీని నమ్మాలా? ఫలితమంతా దీని మీదే ఆధారపడుతుంది. ఈ నిర్ణయంలో మీ అనుభవం మాకు కావాలి. దయచేసి అంగీకరించండి.

ఇట్లు,
కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం విద్యార్థులు