'Accept All' కంటే ఆ చిన్న టిక్కే ముఖ్యం

పోయిన వారం రాజోలు నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. ఏదో జాబ్ సైట్‌లో రిజిస్టర్ అవుతున్నాడు. 'అన్నయ్యా, కుకీలు అంటున్నాడు, నొక్కేయొచ్చా?' అని కింద మెసేజ్. స్క్రీన్‌షాట్ పెద్దది చేసి చూశాను. కింద కుకీల బ్యానర్ ఉంది. దానికి పైన, Register బటన్ పక్కన సన్నని అక్షరాల్లో ఒక వాక్యం, దాని ముందు అప్పటికే పెట్టి ఉన్న టిక్. తమ్ముడు అడిగింది బ్యానర్ గురించి. అసలు చూడాల్సింది ఆ టిక్‌ని.

ముందు బ్యానర్ సంగతి. కుకీ అంటే సైట్ మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తు. మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకోవడానికి కొన్ని కుకీలు కావాలి. వాటిని ఆపితే సైట్ సరిగా పనిచేయదు. Accept All నొక్కితే వాటితో పాటు ప్రకటనల కంపెనీల కుకీలు కూడా వస్తాయి. అందుకే ఒకచోట కోర్సు గురించి వెతికితే, మరోచోట దాని యాడ్ కనిపిస్తుంది. Manage Options లోకి వెళ్లి ప్రకటనలవి ఆపేస్తే మామూలుగా రిజిస్ట్రేషన్‌కి అడ్డేమీ ఉండదు. పొరపాటున ఒప్పుకున్నా, బ్రౌజర్ సెట్టింగ్స్‌లో కుకీలు తుడిచేయొచ్చు. అంటే ఇది సరిదిద్దుకోగల తప్పే.

టిక్ అలా కాదు. ఆ వాక్యం సారాంశం ఇదీ: 'ఈ సంస్థ, దాని భాగస్వాములు నాకు కాల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ చేయడానికి అనుమతిస్తున్నాను. నా నంబర్ డీఎన్‌డీలో ఉన్నా ఇది వర్తిస్తుంది.'

ఇందులో రెండు మాటలు పట్టుకోవాలి. మొదటిది 'భాగస్వాములు'. వాళ్లెవరో, ఎంతమందో అక్కడ లేదు. కోచింగ్ సెంటర్ కావచ్చు, లోన్ ఇచ్చేవాళ్లు కావచ్చు. రెండోది డీఎన్‌డీ. 1909కి START 0 అని ఎస్సెమ్మెస్ పంపితే ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపేయమని నమోదవుతుంది. కానీ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం, మనమే స్పష్టంగా అనుమతి ఇచ్చిన సంస్థకు ఆ అడ్డు ఉండదు. ఆ అనుమతిని రాబట్టడానికే ఈ వాక్యం. తలుపుకి గడియ వేసి, తాళంచెవి కిటికీలోంచి మనమే అందించినట్టు.

ఒకసారి నంబర్, రెజ్యూమె పది చేతులు మారాక తుడిచేయడానికి బటన్ ఉండదు. రేపు ఎవరో ఫోన్ చేసి మన పేరు, కాలేజీ, బ్రాంచ్ అన్నీ చెప్పి 'మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అంటే, వివరాలు సరిపోయాయి కాబట్టి నమ్మేస్తాం.

చట్టం ఏమంటోంది? 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మనం ఏదైనా చేసి స్పష్టంగా తెలిపితేనే సమ్మతి. వాళ్లు ముందే పెట్టిన టిక్ ఆ లెక్కలోకి రాదు. ఆ పనికి అవసరమైన డేటా వరకే సమ్మతి చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ మన కాంటాక్ట్ లిస్ట్ కూడా అడిగితే, మనం సరే అన్నా అది చెల్లదు. సమ్మతి పత్రాన్ని తెలుగులో అడిగే వీలుంది. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి కూడా. అయితే నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి 18 నెలల గడువిచ్చారు. అప్పటిదాకా జాగ్రత్త మనదే.

తమ్ముడికి మూడు పనులు చెప్పాను. ఒకటి, టిక్ తీసేసి Register నొక్కి చూడు. రెండు, ఈమెయిల్ దగ్గర జీమెయిల్ పేరు తర్వాత ప్లస్ గుర్తు, సైట్‌ని గుర్తించే మాట చేర్చు. ఇలా:

```
peru+jobsite1@gmail.com
```

మెయిల్స్ మామూలుగా నీకే వస్తాయి. వేరే ఎవరో ఇదే అడ్రస్‌కి రాస్తే, వివరాలు ఎక్కడినుంచి పోయాయో తెలుస్తుంది. కొన్ని ఫారాలు ప్లస్‌ని ఒప్పుకోవు, కొందరు దాన్ని తీసేసి వాడతారు, కాబట్టి ఇది పూర్తి రక్షణ కాదు. మూడు, ఆ స్క్రీన్‌షాట్ తేదీతో దాచుకో. దేనికి ఒప్పుకున్నావో, దేనికి ఒప్పుకోలేదో రేపు చూపించడానికి నీ దగ్గర ఉండేది అదే.

టిక్ తీసేసినా రిజిస్టర్ అయిపోయాడు. ఒకవేళ కాకపోయి ఉంటే ఏం చేయాలి? నేనైతే ఆ ఉద్యోగం ఇచ్చే కంపెనీ సొంత సైట్‌లో కెరీర్స్ పేజీ వెతికి, అక్కడే అప్లై చేస్తాను. ఉద్యోగానికి కావలసింది మన రెజ్యూమె వాళ్లకు చేరడం. అది మధ్యలో ఎవరెవరికి చేరాలో నిర్ణయించేది ఆ టిక్ ఒక్కటే.