వడ్డీ మాఫీ సరే, అసలు మన బాకీయేనా?

ఇండియా ఆదాయపు పన్ను శాఖ తెచ్చిన ‘వివాద్ సే విశ్వాస్ 2024’ పథకంలో తక్కువ రేటుకు చేరే గడువు 2024 డిసెంబర్ 31తోనే అయిపోవాల్సింది. చివరి నిమిషంలో దాన్ని 2025 జనవరి 31 వరకు పొడిగించారు. ఆ తర్వాత చేరినవారికి కట్టాల్సిన మొత్తం పది శాతం పెరిగింది. అందుకే 2025 జనవరిలో మన వాట్సాప్ గ్రూపుల్లో ‘వడ్డీ, పెనాల్టీ మొత్తం మాఫీ, వెంటనే చేరండి’ అన్న మెసేజ్‌లు తిరిగాయి. మాట నిజమే. కానీ మాఫీ అయ్యింది వడ్డీ, పెనాల్టీ మాత్రమే, అసలు పన్ను మొత్తం కట్టాల్సి వచ్చింది. కాబట్టి వడ్డీ ఎంత తగ్గుతుందని అడిగే ముందు, ఆ అసలు మనం నిజంగా బాకీ ఉన్నామా అని అడగాల్సింది. ఒకే పథకం ఒక ఇంటికి లాభం, పక్కింటికి నష్టం ఎలా అయ్యేదో రెండు లెక్కలు వేసి చూద్దాం.

ముందుగా అర్హత. 2024 జులై 22 నాటికి అప్పీలు ఎక్కడో ఒకచోట పెండింగ్‌లో ఉండాల్సింది. మన ఎన్నారైలలో చాలామందికి అసలు ఇబ్బంది ఇక్కడే వచ్చింది. నోటీసు పాత ఈమెయిల్‌కో, ఊళ్లో ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికో వెళ్తుంది. మనం జవాబివ్వం. అధికారి తన దగ్గరున్న సమాచారంతో ఏకపక్షంగా ఆర్డర్ ఇచ్చేస్తారు. అప్పీలు వేయకుండా వదిలేసిన అలాంటి డిమాండ్ పోర్టల్‌లో ఎంత పాతదై కనిపిస్తున్నా, అది ఈ పథకం కిందికి రాలేదు. సోదాల ఆధారంగా వేసిన పన్ను, ప్రాసిక్యూషన్ మొదలైన సంవత్సరాలు, విదేశాల్లో దాచిన ఆదాయం కేసులు కూడా రాలేదు.

ఇప్పుడు మొదటి లెక్క. న్యూజెర్సీలో ఉండే ఒకాయన విజయవాడలో తండ్రి నుంచి వచ్చిన స్థలాన్ని 2015-16లో 60 లక్షలకు అమ్మారనుకుందాం. కొన్నవారు టీడీఎస్ కట్ చేయలేదు, ఈయన రిటర్న్ వేయలేదు. 2021 మార్చిలో కేసు తిరగదోడారు. జవాబు రాకపోవడంతో 2022 మార్చిలో ఆర్డర్ వచ్చింది. స్థలం ఖరీదు ఎవరూ చూపలేదు కాబట్టి 60 లక్షలూ లాభమే అన్నారు. దాని మీద 20 శాతం పన్ను, 3 శాతం సెస్ కలిపి 12.36 లక్షలు. ఆ సంగతి తెలిశాక ఈయన అప్పీలు వేశారు. అసలు ఆ నోటీసే చెల్లదని ఒక వాదన, చెల్లినా స్థలం ఖరీదు తీసేయాలని రెండో వాదన.

వడ్డీ సంగతి చూడండి. రిటర్న్ వేయనందుకు నెలకు ఒక శాతం, అడ్వాన్స్ ట్యాక్స్ కట్టనందుకు నెలకు మరో శాతం. ఆర్డర్ వచ్చే నాటికి మొదటిది 68 నెలలు, రెండోది 72 నెలలు. అంటే పన్ను మీద 140 శాతం, 17.3 లక్షలు. దాంతో డిమాండ్ 29.7 లక్షలైంది. డిమాండ్ నోటీసు గడువు దాటాక ఆ మొత్తం మీద మళ్లీ నెలకు ఒక శాతం నడుస్తుంది. 2025 జనవరికి 33 నెలలు, దాదాపు 9.8 లక్షలు. అంతా కలిపి 39 లక్షల పైమాటే. పన్నుకు సమానంగా పెనాల్టీ కూడా పడితే 50 లక్షలు దాటుతుంది. పథకంలో చేరితే 12.36 లక్షలతో సరిపోయేది.

అయితే ఈయన, ‘నేను కట్టాల్సిన పన్ను అంత లేదు కదా, ఎందుకు కట్టాలి?’ అంటారు. ఆ మాటలోనూ న్యాయం ఉంది. 1981 ఏప్రిల్ నాటికి ఆ స్థలం విలువ 1.2 లక్షలని వాల్యూయర్ రిపోర్టు ఉందనుకుందాం. 2015-16 సూచీ 1081 కాబట్టి ఆ విలువ 12.97 లక్షలవుతుంది. లాభం 47 లక్షలకు, పన్ను 9.69 లక్షలకు తగ్గుతుంది. పథకంలో చేరితే ఆయన 2.67 లక్షలు ఎక్కువ కట్టినట్టే.

కానీ ఖరీదు వాదనలో అప్పీలు నెగ్గినా, మిగిలిన 9.69 లక్షల మీద వడ్డీ పోదు. అది అధికారి దయ మీద పడేది కాదు, చట్టం ప్రకారం దానంతట అదే పడుతుంది. 140 శాతం లెక్కన 13.6 లక్షలు, దాని తర్వాత నడిచిన వడ్డీ మరో 7.7 లక్షలు. మొత్తం 31 లక్షల దగ్గర తేలుతుంది. ఓడితే 39కి పైన, నెగ్గితే 31, పథకంలో 12.36. ఇక నోటీసు చెల్లదన్న వాదన పూర్తిగా నెగ్గితేనే సున్నా. పోర్టల్‌లో మనమే ఇచ్చిన ఈమెయిల్‌కు నోటీసు వెళ్లి ఉంటే ఆ వాదన బలం అంతంతమాత్రమే. ఈ ఇంటికి చేరడమే మేలయ్యేది.

ఇందులో ఒక మెలిక ఉంది. మాఫీ వర్తించింది వివాదంలో ఉన్న పన్ను మీది వడ్డీకే. ఈయన తన అప్పీలులో ఖరీదు సంగతి ఒక్కటే రాసి, మిగతా లాభాన్ని ఒప్పేసుకుని ఉంటే, వివాదంలో ఉన్నది ఆ 2.67 లక్షలే. ఒప్పుకున్న 9.69 లక్షల మీద వడ్డీ మామూలుగానే కట్టాల్సి వచ్చేది. కాబట్టి ఆడిటర్‌ను అడిగేటప్పుడు డిమాండ్ నోటీసు ఒక్కటే పంపితే సరిపోయేది కాదు. అప్పీలు వేసినప్పటి ఫారం 35 తీసి, అందులో ఏ అభ్యంతరాలు రాశారో చూపించాల్సింది. అప్పీలులో మనకు నచ్చిన ఒక్క అంశాన్నే పథకంలో తేల్చుకుని మిగతావి వాదించుకుంటామంటే కూడా కుదిరేది కాదు. ఆ సంవత్సరం అప్పీలు మొత్తం తేల్చుకోవాల్సి వచ్చేది.

రెండో లెక్క పక్కింటిది. వీళ్లు 2017 ఫిబ్రవరిలో హైదరాబాద్ శివారులో 50 లక్షలకు స్థలం కొన్నారు. డబ్బంతా ఇక్కడి జీతం, ఎన్నారై ఖాతా ద్వారా వెళ్లింది. ఇండియాలో ఆదాయం లేదు కాబట్టి రిటర్న్ వేయలేదు. రిజిస్ట్రేషన్ సమాచారం చూసి పన్ను శాఖ నోటీసిచ్చింది, జవాబు లేదు. 50 లక్షలూ లెక్క తెలియని పెట్టుబడి అని ఆర్డర్ వచ్చింది. ఆ సంవత్సరం లెక్కన ఇలాంటి దానికి పన్ను 60 శాతం, దాని మీద 25 శాతం సర్‌ఛార్జి, ఆపైన సెస్. కలిపితే 77.25 శాతం, అంటే 38.6 లక్షలు. వడ్డీలతో 2025 జనవరికి 1.11 కోట్లు, పెనాల్టీతో మరో మూడు లక్షలు.

ఇక్కడ మాఫీ 75 లక్షలు. చూడడానికి మొదటి ఇంటికంటే ఎంతో ఆకర్షణగా ఉంది. కానీ వీళ్లు కట్టాల్సిన సరైన పన్ను సున్నా. ఎన్నారై విదేశంలో సంపాదించిన జీతం మీద ఇండియాలో పన్ను లేదు, ఆ డబ్బు ఇండియాకు పంపినంత మాత్రాన అది అక్కడి ఆదాయం కాదు. సున్నా పన్ను మీద వడ్డీ కూడా సున్నానే. నెగ్గితే మొదటి ఇంటివాళ్లలా 31 లక్షలు మిగిలిపోవు, ఏమీ ఉండదు. పైగా అప్పీలు కోసం ముందుగా కట్టిన సొమ్ము ఉంటే వడ్డీతో వెనక్కి వస్తుంది.

ఓడితే 1.14 కోట్లు, నెగ్గితే సున్నా, పథకంలో 38.6 లక్షలు. 1.14 కోట్లలో 38.6 లక్షలు దాదాపు మూడో వంతు. కాబట్టి ఓడిపోయే అవకాశం మూడింట ఒకటి కంటే ఎక్కువని తోస్తే చేరాల్సింది, తక్కువైతే అప్పీలులోనే ఉండాల్సింది. అది తేలేది కాగితాల దగ్గరే. స్థలం అమ్మినవారికి డబ్బు వెళ్లిన తేదీ, మొత్తం కనిపించే ఎన్నారై ఖాతా స్టేట్‌మెంట్, ఇక్కడి బ్యాంకు నుంచి ఆ ఖాతాకు డబ్బు పంపిన రికార్డు, ఆ ఏడాది జీతం కాగితం, ఇండియాలో ఎన్ని రోజులున్నారో చెప్పే పాస్‌పోర్ట్ ముద్రలు. ఈ నాలుగూ ఒకదానితో ఒకటి రూపాయి తేడా లేకుండా కలిస్తే ఓడే అవకాశం మూడింట ఒకటి ఉండదు. ఎనిమిదేళ్ల నాటి స్టేట్‌మెంట్ బ్యాంకులో దొరకకపోయినా, కొంత డబ్బు నగదుగా ఇచ్చి ఉన్నా లెక్క తిరగబడుతుంది. అప్పుడు 38.6 లక్షలు కట్టి బయటపడడమే నయమై ఉండేది. ‘మాది న్యాయమైన డబ్బే కదా’ అన్న నమ్మకం వేరు, అప్పీలు అధికారి ముందు చూపగలగడం వేరు.

చేరాలని తేలినవారికి, గడువుకు లెక్కలోకి వచ్చింది డబ్బు కట్టిన తేదీ కాదు, పోర్టల్‌లో ఫారం 1 సమర్పించిన తేదీ. పదిహేను రోజుల్లో అధికారి ఫారం 2లో ఎంత కట్టాలో తేల్చి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది. అది అందిన పదిహేను రోజుల్లో కట్టాల్సింది. అప్పీలు కోసం అప్పటికే కట్టిన 20 శాతం లాంటివి అందులో మినహాయించేవారు. కట్టాక ఫారం 3 వేస్తే, చివరి ఆర్డర్ ఫారం 4గా వచ్చేది. 2020 జనవరి 31 లోపు వేసిన అప్పీలు ఇంకా అదే చోట ఉంటే, వంద శాతం బదులు గడువులోగా 110 శాతం, గడువు దాటితే 120 శాతం కట్టాల్సి వచ్చేది.

ఆ రెండో పదిహేను రోజులే మనకు కష్టమయ్యాయి. ఇక్కడి నుంచి డబ్బు పంపడానికో, అక్కడి డిపాజిట్ విడగొట్టడానికో సమయం పడుతుంది. సంతకం బదులు వచ్చే ఓటీపీ ఎప్పుడో ఆపేసిన ఇండియా నంబరుకు వెళ్తుంది. నెట్ బ్యాంకింగ్ ద్వారా పోర్టల్‌లోకి వెళ్లే దారి పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాల్సింది. డబ్బు సిద్ధం కాకుండా ఫారం 1 వేయకూడని పరిస్థితి అది. సర్టిఫికెట్ వచ్చిన రోజు నుంచే కమిషనర్ దగ్గరో ట్రిబ్యునల్ దగ్గరో ఉన్న అప్పీలు ఉపసంహరించుకున్నట్టే లెక్క అయ్యేది.

చాలామంది మగవాళ్లు, ‘చేరితే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది’ అని వెనకాడారు. అలా కాదని చట్టంలోనే రాశారు. ‘న్యాయం మనదే’ అన్న పట్టుదలతో మొదటి ఇంటివాళ్లు ఆగిపోతే నష్టం. భయంతో రెండో ఇంటివాళ్లు చేరిపోతే అంతకంటే పెద్ద నష్టం. ఎవరిది ఏ ఇల్లో తేల్చుకోవడానికి మూడు అంకెలు సరిపోయేవి: ఓడితే ఎంత, నెగ్గితే ఎంత, చేరితే ఎంత. 2025 జనవరి 31 లోపు ఆ మూడూ ఒక కాగితం మీద రాసివ్వమని ఆడిటర్‌ను అడగాల్సింది. మూడో అంకె ఒక్కటే చెప్పి తొందరపెడితే, మిగతా రెండూ వచ్చేదాకా సంతకం పెట్టకుండా ఉండాల్సింది.