6జీ సర్టిఫికెట్ ఉంది కదా, మళ్లీ టెస్టు ఎందుకు?

పోస్టు పెద్దదే, కానీ మన సంఘంలో వెల్డింగ్ పని చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు జీతాలిచ్చే షాపుల యజమానులూ ఉన్నారు. ఇద్దరూ చివరిదాకా చదవాలని మనవి.

శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో వచ్చి పీణ్యలో, బొమ్మసంద్రలో పనిచేసే మన తమ్ముళ్లు షాపు మారినప్పుడల్లా ఒకే మాట అంటారు: "నాకు 6జీ ఉందన్నా, అయినా మళ్లీ టెస్టు పెట్టారు." ఇందులో తమ్ముడి అపోహ కొంత ఉంది, పాత యజమాని తప్పు కొంత ఉంది. రెండూ విడదీసి చూద్దాం.

6జీ అంటే పైపును 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పకుండా, వెల్డర్ తానే చుట్టూ తిరిగి అతకడం. అడుగున, పక్కన, తలమీద అన్ని భంగిమలూ అందులోనే వచ్చేస్తాయి కాబట్టి అది పాసైతే అన్ని పొజిషన్లలోనూ వెల్డింగ్ చేయొచ్చు. అంతవరకు నిజం. కానీ కాగితం మీద పొజిషన్ ఒక్కటే ఉండదు. ఏ ప్రాసెస్, ఏ రాడ్డు, ఎంత మందం, పైపు ఎంత వ్యాసం, వెనకాల ఆధారం ఉందా లేదా అన్నీ రాసి ఉంటాయి. పైపింగ్, ప్రెషర్ వెసెల్ పనుల్లో ఎక్కువగా వాడే ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం ప్రతి వరుసకూ ఒక హద్దు ఉంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక కుర్రాడు 2 అంగుళాల పైపు మీద 6జీ ఇచ్చాడు. పైపు బయటి వ్యాసం 60 మి.మీ., గోడ మందం సుమారు 5.5 మి.మీ. రూట్ టిగ్‌తో 2.5 మి.మీ. వేశాడు, మిగతా 3 మి.మీ. 7018 రాడ్డుతో నింపాడు. కంటితో చూశారు, బాగుంది. ముక్కలు కోసి వంచారు, 3 మి.మీ. దాటిన పగులు ఎక్కడా తెరుచుకోలేదు. పాస్.

ఇప్పుడు అతనికి దక్కిందేమిటి? పొజిషన్లు అన్నీ. వ్యాసం 25 మి.మీ. నుంచి పైకి ఎంతైనా. మందం మాత్రం ఒక్కో ప్రాసెస్‌తో వేసిన లోహానికి రెట్టింపు వరకే. అంటే టిగ్‌తో 5 మి.మీ., రాడ్డుతో 6 మి.మీ.

కొత్త షాపులో 6 అంగుళాల పైపు ఇచ్చారు, గోడ 11 మి.మీ. రూట్ టిగ్‌తో 3 మి.మీ. వేస్తాడు, హద్దులోనే ఉంది. మిగిలిన 8 మి.మీ. రాడ్డుతో నింపాలి, అతని హద్దు 6. ఇక్కడ ఆగిపోయాడు. చేతిపని తక్కువై కాదు, టెస్టు పైపు పల్చనై. అదే 2 అంగుళాల్లో 11 మి.మీ. గోడ ఉన్న పైపు మీద టెస్టు పెట్టి, రాడ్డుతో 8 మి.మీ. వేయించి ఉంటే 16 మి.మీ. వరకు దక్కేది. ఒకే ప్రాసెస్‌తో కనీసం మూడు లేయర్లలో 13 మి.మీ. గానీ అంతకు మించి గానీ వేస్తే మందానికి ఇక హద్దే లేదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. ఆ కుర్రాడు రాడ్డును టిగ్ రూట్ మీద వేశాడు. అంటే రాడ్డుకు వెనకాల ఆధారం ఉన్నట్టు లెక్క. టిగ్ లేకుండా, ఖాళీ సందులో రాడ్డుతోనే రూట్ వేయమంటే ఆ సర్టిఫికెట్ పనికిరాదు, మళ్లీ టెస్టు ఇవ్వాల్సిందే.

ఇక ఆరు నెలల లెక్క. ఏ ప్రాసెస్‌లోనైనా ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే ఆ ప్రాసెస్ అర్హత పోతుంది. మన షాపుల్లో చాలాచోట్ల రోజంతా సీఓటూ వెల్డింగే. అది ఎంత చేసినా టిగ్ అర్హతను నిలబెట్టదు. టిగ్ నిలవాలంటే టిగ్‌తోనే ఏదో ఒక జాయింట్ వేయాలి. చిన్నదైనా పర్వాలేదు, ఏ పొజిషన్ అయినా పర్వాలేదు, కానీ ఫలానా తేదీన వేశాడని యజమాని రాసిపెట్టాలి. ఆ రాత లేకపోతే కుర్రాడు రోజూ టిగ్ పట్టినా చూపించడానికి ఏమీ ఉండదు.

ఇప్పుడు షాపు మారే సంగతి. సెక్షన్ 9లో వెల్డర్‌ను పరీక్షించే బాధ్యత ప్రతి సంస్థకూ విడివిడిగా ఉంది. పాత షాపు ఇచ్చిన కాగితం ఆ షాపు తన పనికి ఇచ్చుకున్న పూచీ. కాబట్టి కొత్త యజమాని టెస్టు పెడితే అవమానంగా తీసుకోవద్దు. అయితే ప్రాసెస్ పైపింగ్ కోడ్ బి31.3లో ఒక దారి ఉంది. పాత యజమాని దగ్గరి టెస్టు రికార్డు తెచ్చుకుని, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటే కొత్త యజమాని దాన్ని అంగీకరించవచ్చు. ఆ రికార్డులో పాత యజమాని పేరు, వెల్డర్ పేరు, ఏ ప్రొసీజర్, ఏ తేదీన పాసయ్యాడు, చివరిసారి ఆ ప్రొసీజర్‌తో ప్రెషర్ పైపింగ్ మీద ఎప్పుడు పనిచేశాడు అన్నవి ఉండాలి. బాయిలర్లు, స్టీమ్ పైపుల పని వేరు. అక్కడ ఐబీఆర్ ప్రకారం రాష్ట్ర బాయిలర్ల శాఖ పరీక్షించి వెల్డర్ పేరు మీదే సర్టిఫికెట్ ఇస్తుంది, అది షాపు మారినా అతనితోనే వస్తుంది. గడువు రెండేళ్లు.

మేము గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే. చాలా షాపుల్లో టెస్టు రికార్డు ఫైల్లో పెట్టి తాళం వేస్తారు. కుర్రాడి దగ్గర ఐడీ కార్డంత ముక్క, దాని మీద "6జీ" అని ఒక్క మాట. ఎందుకివ్వరని అడిగితే యజమానులు ఒకే జవాబిస్తారు: "పైపు మాది, రాడ్లు మావి, ల్యాబు ఖర్చు మాది. కాగితం చేతికిస్తే మర్నాడే వెళ్లిపోతాడు." ఖర్చు నిజమే, కాదనం. కానీ వెళ్లేవాడు కాగితం లేకున్నా వెళ్తాడు, ఎలాగూ చాలాచోట్ల కొత్త షాపు మళ్లీ పరీక్షిస్తుంది. కాగితం దాచినందువల్ల ఆగేది ఒక్కటే, అతను ఏమేం చేయగలడో కొత్తచోట చెప్పుకోవడం. రికార్డు లేని మంచి వెల్డర్‌ను హెల్పర్ కూలికి పెట్టుకోవడం మనందరం చూస్తున్నదే. రేపు మీ షాపుకు వచ్చే వెల్డరూ అలాగే ఒట్టి చేతులతో వస్తాడు. అప్పుడు అతను ఏ పొజిషన్‌లో, ఎంత మందంలో నెగ్గాడో తెలియక మీరే మొదటినుంచి పైపులు కోసుకోవాలి.

అందుకే సంఘంలోని షాపు యజమానులను మేము అడిగేది రెండే. టెస్టు పాసైన రోజే రికార్డు పూర్తి కాపీ సంతకంతో వెల్డర్ చేతికివ్వండి. అతను మానేసే రోజు, ఏ ప్రాసెస్‌లో చివరిసారి ఏ తేదీన పనిచేశాడో ఒక్క లైను రాసి సంతకం పెట్టండి. దీనికి ఒక జిరాక్స్ ఖర్చు.

తమ్ముళ్లకు చెప్పేది ఇది. టెస్టుకు పిలిచినప్పుడు పైపు గోడ మందం ఎంతో ముందే అడగండి, వీలైతే మందం పైపే ఇమ్మని అడగండి. కార్డు కాకుండా రికార్డు కాపీ అడిగి తీసుకోండి, ఫోన్లో ఫొటో ఉంచుకోండి. ఆరు నెలలు దాటకముందే టిగ్ జాయింట్ ఒకటి వేసి తేదీ రాయించుకోండి.

యజమానుల్లో దీనికి ఒప్పుకోనివారు ఉంటే కారణం కామెంట్లలో రాయండి. వచ్చే సమావేశంలో దీని మీదే మాట్లాడుకుందాం.